ప్రశ్న ఏ చెవికి, జవాబు ఏ చెవికి?

వినికిడి మిషన్‌ను ఫోన్‌కు జత చేశాక చూసుకోవాల్సిన రెండు సెట్టింగులు

యూట్యూబ్‌లో ఒక ఇంటర్వ్యూ నడుస్తోంది. యాంకర్ చొక్కాకు ఒక కాలర్ మైకు, అతిథి చొక్కాకు ఇంకొకటి. రెండు మైకుల నుంచి వచ్చే శబ్దం కెమెరాకు తగిలించిన ఒకే రిసీవర్‌లోకి చేరుతుంది. ఆ రిసీవర్ స్టీరియో పద్ధతిలో ఉంటే యాంకర్ గొంతు ఎడమ ఛానల్‌లో, అతిథి గొంతు కుడి ఛానల్‌లో విడివిడిగా రికార్డవుతాయి. ఎడిటింగ్ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు ఆ రెండింటినీ కలపాలి. చిన్న చిన్న ఛానళ్లలో ఆ పని తరచూ మరిచిపోతారు. రెండు చెవులూ బాగున్నవాళ్లు ఇయర్‌ఫోన్స్‌లో విన్నప్పుడు కాస్త వింతగా ఉందనుకుంటారు తప్ప మాట ఏదీ పోదు. ఎడమ చెవికి మాట సరిగా అందని మనిషికి మాత్రం ఆ గంటసేపూ ప్రశ్నలే ఉండవు, జవాబులే ఉంటాయి.

ఇదే వీడియోను ఫోన్ స్పీకర్‌లో పెడితే ఈ ఇబ్బంది రాదు. స్పీకర్ నుంచి వచ్చే రెండు ఛానళ్లూ గాలిలోనే కలిసిపోతాయి, ఏ చెవి బాగుంటే ఆ చెవికి అంతా అందుతుంది. వినికిడి మిషన్లు ఫోన్‌కు నేరుగా కలిశాక పరిస్థితి మారుతుంది. ఎడమ ఛానల్ ఎడమ మిషన్‌కే, కుడి ఛానల్ కుడి మిషన్‌కే వెళ్తాయి. అంటే ఈ సమస్య మిషన్ ఫోన్‌తో కలవనప్పుడు ఉండేది కాదు, కలిశాక మొదలయ్యేది. అందుకే చాలామంది “కనెక్టయింది కదా, ఇంకేం కావాలి” అని వదిలేస్తారు, పెద్దవాళ్లు తమ చెవే ఇంకా పాడైందనుకుని ఊరుకుంటారు. నిజానికి ఫోన్‌లో మోనో ఆడియో, బ్యాలెన్స్ అనే రెండు సెట్టింగులు ఈ పని కోసమే ఉన్నాయి. వాటి జోలికి వెళ్లేముందు మిషన్ ఫోన్‌కు సరిగ్గా కలవాలి. తడబాటు అక్కడే మొదలవుతుంది.

బ్లూటూత్ ఉందంటే సరిపోదు

దుకాణంలో “బ్లూటూత్ ఉందండీ” అంటారు. ఆ ఒక్క మాట మీద కొనేయకూడదు. వినికిడి మిషన్లు ఫోన్‌తో మాట్లాడే పద్ధతులు కొన్ని ఉన్నాయి, మన ఫోన్‌కూ మిషన్‌కూ తెలిసిన పద్ధతి ఒకటే అయితేనే పాట గానీ మాట గానీ నేరుగా చెవిలోకి వస్తుంది.

మొదటిది యాపిల్ తెచ్చిన మేడ్ ఫర్ ఐఫోన్ పద్ధతి. 2014లో ఈ రకం మిషన్లు మార్కెట్లోకి వచ్చాయి. ఇది ఆండ్రాయిడ్ ఫోన్లకు పనికిరాదు. రెండోది ఆండ్రాయిడ్ వైపు ఆషా. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10తో మొదలైంది. ఆండ్రాయిడ్ 10 దాటిన ఫోన్లన్నింటిలోనూ ఇది ఉంటుందని మాత్రం అనుకోవద్దు. ఫోన్ తయారుచేసిన కంపెనీ దాన్ని పెట్టి ఉండాలి. ఒకే కంపెనీ ఖరీదైన ఫోన్‌లో ఉండి, తక్కువ ధర ఫోన్‌లో లేకపోవచ్చు. మూడోది మామూలు బ్లూటూత్ హెడ్‌సెట్‌లా కలిసే మిషన్లు. ఇవి దాదాపు ఏ ఫోన్‌తోనైనా కలుస్తాయి, ఛార్జింగ్ మాత్రం కాస్త ఎక్కువ తాగుతాయి. వీటన్నింటి స్థానంలోకి మెల్లగా వస్తున్న కొత్త పద్ధతి ఎల్ఈ ఆడియో. బ్లూటూత్ ప్రమాణాలు చూసే సంస్థ దాన్ని 2020లో ప్రకటించింది. దానికి మిషనూ ఫోనూ రెండూ కొత్తవి అయి ఉండాలి.

తెలుగు ఇళ్లలో ఎక్కువగా కనిపించే చిక్కు ఒకటుంది. కొడుకో కూతురో అమెరికాలో ఉంటారు. అక్కడ 2022 అక్టోబర్ నుంచి కొన్ని రకాల మిషన్లు డాక్టర్ చీటీ లేకుండానే దుకాణాల్లో దొరుకుతున్నాయి. పెద్దవాళ్ల కోసం ఒక జత కొని పంపిస్తారు. కొన్నవాళ్ల చేతిలో ఐఫోన్ ఉంటుంది, తెనాలిలోనో కరీంనగర్‌లోనో వాడేవాళ్ల చేతిలో ఆండ్రాయిడ్ ఉంటుంది. మిషన్ ఐఫోన్ పద్ధతి ఒక్కటే తెలిసిందైతే చెవిలో బాగానే పనిచేస్తుంది గానీ ఫోన్‌తో కలవదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. చీటీ లేకుండా అమ్మే ఆ మిషన్లు కొద్దిపాటి నుంచి ఒక మోస్తరు వినికిడి లోపం ఉన్న పెద్దవాళ్ల కోసమే. లోపం బాగా ఎక్కువగా ఉన్నవాళ్లకు అవి చాలవు. డబ్బు పెట్టేముందు మిషన్ కంపెనీ వెబ్‌సైట్‌లో, ఆ మోడల్‌తో ఏయే ఫోన్లు కలుస్తాయో ఇచ్చే జాబితాలో, మన ఫోన్ మోడల్ పేరు వెతకాలి. ఫోన్ మోడల్ పేరు Settings లోపల About phone అన్నచోట ఉంటుంది.

జత చేయాల్సిన చోటు వేరు

ఐఫోన్‌లో అందరూ చేసే పని, Bluetooth పేజీ తెరిచి మిషన్ పేరు కోసం ఎదురుచూడటం. మేడ్ ఫర్ ఐఫోన్ మిషన్లను జత చేయాల్సింది అక్కడ కాదు. బ్లూటూత్ ఆన్ చేసి వదిలేసి, Settings → Accessibility → Hearing Devices లోకి వెళ్లాలి. అప్పుడు మిషన్లను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయాలి. బ్యాటరీ వేసే రకమైతే బ్యాటరీ తలుపు తెరిచి మూయాలి. ఛార్జింగ్ రకమైతే డబ్బాలో పెట్టి బయటికి తీయాలి. ఇది తప్పనిసరి. ఎందుకంటే చాలా మిషన్లు ఆన్ అయిన తర్వాత సుమారు మూడు నిమిషాలు మాత్రమే కొత్త ఫోన్ కోసం చూస్తాయి. పొద్దున్నుంచీ చెవిలోనే ఉన్న మిషన్ కోసం ఫోన్‌లో ఎంతసేపు వెతికినా పేరు కనిపించదు.

పేరు కనిపించాక దాని మీద నొక్కితే Pair అని అడుగుతుంది. రెండు మిషన్లుంటే రెండుసార్లు అడుగుతుంది. మొదటిదానికి ఒప్పుకున్నాక రెండోది రావడానికి కొంచెం సమయం పడుతుంది. చాలామంది మొదటిసారి నొక్కి ఫోన్ జేబులో వేసుకుంటారు, ఒక చెవి మిషన్ జత కాకుండా ఉండిపోతుంది. రెండో ప్రశ్న వచ్చేదాకా తెర మీదే కళ్లుంచాలి.

ఆండ్రాయిడ్‌లో 2023లో వచ్చిన 14వ వెర్షన్ నుంచి Accessibility లోపలే Hearing devices అనే పేజీ ఇచ్చారు. పాత వెర్షన్లలో Connected devices లోపల Pair new device అన్నచోట చేయాలి. కంపెనీని బట్టి ఈ పేర్లు కొంచెం మారుతుంటాయి కాబట్టి Settings పైన వెతికే గడిలో hearing అని టైప్ చేయడమే తేలిక దారి. మిషన్‌ను ఆపి ఆన్ చేయడం, రెండు వైపులా జత అయ్యాయో లేదో చూడటం ఇక్కడా అంతే.

జత అయ్యాక కూడా పాట వేరే చోటికి పోతుంటే, మిషన్ ఇంట్లో ఇంకో పరికరానికి కూడా జత అయి ఉందేమో చూడండి. మనవడు ఆడుకునే ట్యాబ్‌కు ఎప్పుడో కలిపి ఉంటారు, అది ఆన్ కాగానే మిషన్ దాన్ని పట్టుకుంటుంది. ఆ ట్యాబ్‌లో మిషన్ పేరు దగ్గర Forget నొక్కితే సరి. పాత ఫోన్‌ను ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేముందు కూడా ఇదే చేయాలి.

అడిగేవాడు ఏడీ?

తెనాలిలో ఉండే మా బాబాయి ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఇంజిన్ల మోతలో గడిచిన జీవితం. రెండు చెవులూ నెమ్మదిగా మందగించాయి. ఆ పైన చాలా ఏళ్ల కిందట ఒక పొద్దున్న లేచేసరికి ఎడమ చెవి ఒక్కసారిగా పోయింది. కొంత తిరిగి వచ్చింది గానీ మునుపటిలా కాదు. ఇప్పుడు ఆ చెవికి శబ్దం అందుతుంది, మాట అందదు. ఎవరో ఏదో అంటున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు. ఆడియాలజిస్టులు ఇలాంటి చెవికి పదాలు వినిపించి, ఎన్ని సరిగ్గా తిరిగి చెబుతారో చూస్తారు. బాబాయి కుడి చెవి ఆ పరీక్షలో బాగానే నెగ్గింది, ఎడమ చెవి చాలా వెనకబడింది. అయినా రెండు చెవులకూ మిషన్లు పెట్టారు. ఎడమవైపు నుంచి బండి వస్తోందని తెలియడానికైనా అది పనికొస్తుంది.

మిషన్లు ఆయన ఆండ్రాయిడ్ ఫోన్‌కు చక్కగా కలిశాయి. పాత పాటలు, వ్యవసాయం వీడియోలు, రిటైరైన అధికారుల ఇంటర్వ్యూలు వినేవారు. ఒకరోజు నేను వెళ్లినప్పుడు మిషన్ల వైపు విసుగ్గా చూపిస్తూ అడిగారు.

“ఒరే, ఈయనెవరో ఒక్కడే మాట్లాడుకుంటున్నాడు. అడిగేవాడు ఏడీ?”

నేను ఫోన్ తీసుకుని స్పీకర్‌లో పెట్టాను. యాంకర్ గొంతు స్పష్టంగా ఉంది. నా ఇయర్‌ఫోన్స్ తగిలించి విన్నాను. యాంకర్ పూర్తిగా ఎడమవైపు, అతిథి పూర్తిగా కుడివైపు. ఇక అనుమానం లేదు. ప్రశ్నలన్నీ బాబాయి ఎడమ మిషన్‌లోకే వెళ్తున్నాయి, అక్కడ గొణుగుడుగా మిగిలిపోతున్నాయి. మిషన్ తప్పూ కాదు, బాబాయి కుడి చెవి తప్పూ కాదు.

ఇంట్లో ఎవరైనా ఇది తేల్చుకోవచ్చు. యూట్యూబ్‌లో left right audio test అని టైప్ చేస్తే, ఒకసారి ఎడమవైపు లెఫ్ట్ అని, ఒకసారి కుడివైపు రైట్ అని చెప్పే వీడియోలు వస్తాయి. మిషన్లు ఫోన్‌కు కలిసి ఉండగా దాన్ని పెట్టి, తెర చూపించకుండా, వింటున్న మాటను తిరిగి చెప్పమనాలి. తెర చూస్తే కళ్లతో చదివి చెప్పేస్తారు, పరీక్ష దండగవుతుంది. బాబాయి రైట్ అన్న ప్రతిసారీ వెంటనే చెప్పారు. లెఫ్ట్ అన్నప్పుడు “ఏదో అన్నాడు” అన్నారు.

ఒక్క చెవికే మిషన్ వాడేవాళ్లకు కూడా ఈ పరీక్ష అవసరమే. కొన్ని ఫోన్లు ఒకే మిషన్ జత అయి ఉందని గుర్తించి రెండు ఛానళ్లనూ వాటంతట అవే కలిపి పంపుతాయి, కొన్ని పంపవు. రెండు మాటలూ వినిపిస్తే మీ ఫోన్ ఆ పని చేస్తోందని అర్థం. ఒక్కటే వినిపిస్తే మనం చేయాలి.

చేయాల్సింది మోనో ఆడియో ఆన్ చేయడం. ఐఫోన్‌లో Settings → Accessibility → Audio & Visual లోపల Mono Audio ఉంటుంది. సామ్‌సంగ్‌లో Accessibility → Hearing enhancements లోపల Mono audio. పిక్సెల్‌లో Accessibility → Audio adjustment లోపల. వేరే కంపెనీ అయితే Settings వెతుకులాట గడిలో mono అని కొడితే చాలు. దాన్ని ఆన్ చేయగానే ఎడమ ఛానల్, కుడి ఛానల్ కలిసి ఒకటై, ఆ ఒకటే రెండు చెవులకూ వెళ్తుంది. బాబాయి ఫోన్‌లో ఇంటర్వ్యూ ఆపకుండానే ఆ మీట నొక్కాను. యాంకర్ ప్రశ్న మధ్యలో ఉన్నాడు. బాబాయి తల ఎత్తి “ఆఁ, వచ్చాడు” అన్నారు.

మోనో పెట్టాక గొంతు కాస్త తగ్గినట్టు అనిపించవచ్చు. అది సహజం. రెండు ఛానళ్లను కలిపేటప్పుడు ఫోన్ సగటు తీస్తుంది కాబట్టి, ఒక పక్కనే ఉన్న గొంతు బలం సగమై రెండు పక్కలకూ వస్తుంది. వాల్యూమ్ ఒకటి రెండు మెట్లు పెంచుకుంటే సరిపోతుంది. పోయేది ఒకటే. వాయులీనం ఒక మూల నుంచి, తబలా ఇంకో మూల నుంచి వస్తున్నట్టుండే విశాలత ఉండదు, అన్నీ ఒకే చోటి నుంచి వస్తాయి. ఒక చెవికి మాటే అందని మనిషికి ఆ విశాలత ఎలాగూ దక్కేది కాదు. ఇలాంటివాళ్ల ఫోన్‌లో మోనోను ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచాలని నా అభిప్రాయం. అరుదుగా, చెవుల చుట్టూ తిరుగుతున్నట్టు తయారుచేసిన పాటల్లో రెండు ఛానళ్ల తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని కొన్ని శబ్దాలు పలచబడతాయి. అలాంటి పాట ఒకటి తగిలితే ఆ పాటవరకు మోనో తీసి వినవచ్చు.

ముందు మోనో, తర్వాతే బ్యాలెన్స్

మోనో పక్కనే లేదా దాని కిందే బ్యాలెన్స్ మీట ఉంటుంది. ఎడమ చివర L, కుడి చివర R, మధ్యలో జరిపే గుండీ. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. కుడి చెవి బాగుంది కదా అని గుండీని కుడి చివరికి జరిపేస్తారు. బ్యాలెన్స్ చేసే పని ఎడమవైపు శబ్దాన్ని కుడికి తేవడం కాదు, ఎడమవైపును తగ్గించడం మాత్రమే. మోనో లేకుండా గుండీని కుడి చివరికి తోస్తే ఎడమ ఛానల్‌లో ఉన్నదంతా పూర్తిగా పోతుంది. బాబాయి ఇంటర్వ్యూలో యాంకర్ గొణుగుడు కూడా మిగలదు.

మోనో ఆన్‌లో ఉంటే సంగతి వేరు. అప్పుడు రెండు వైపులా వెళ్లేది ఒకే శబ్దం కాబట్టి ఎడమవైపు ఎంత తగ్గించినా కుడివైపు ఏమీ పోదు. బాబాయి విషయంలో తగ్గించాల్సిన అవసరమూ ఉంది. ఆయన ఎడమ చెవి మాటను చెదరగొట్టి అందిస్తుంది, ఆ గందరగోళం కుడి చెవి స్పష్టంగా వింటున్నదానికి అడ్డు తగులుతుంది. అందుకని ఒక ఇంటర్వ్యూ పెట్టి, గుండీని మధ్య నుంచి కుడికి కొంచెం కొంచెంగా జరుపుతూ ప్రతిచోటా ఆగి, “మాట ఇప్పుడు తేటగా ఉందా, ఇందాకా?” అని అడిగాను. సగందాకా జరిపినప్పుడు “ఇదే బాగుంది” అన్నారు. ఇంకా జరిపితే నచ్చలేదు. “ఎడమ పక్క చచ్చిపోయినట్టుంది” అన్నారు. మాట రాకపోయినా ఆ పక్క శబ్దం ఉండటం ఆయనకు నిండుగా అనిపిస్తుంది. అక్కడే వదిలేశాను. ఇందులో లెక్క ప్రకారం సరైన చోటంటూ లేదు, వినే మనిషి చెప్పిందే సరి.

రెండు మిషన్లూ పెట్టుకుని, రెండు చెవులతోనూ మాట తెలిసేవాళ్లు మాత్రం బ్యాలెన్స్ గుండీని మధ్యలోనే ఉంచాలి. ఒక చెవికి లోపం ఎక్కువ, ఇంకోదానికి తక్కువ ఉన్నా అంతే. ఎందుకంటే ఆడియాలజిస్ట్ మీ ఆడియోగ్రామ్ చూసి ఏ చెవికి ఎంత పెంచాలో ముందే మిషన్‌లో లెక్కగట్టి పెట్టారు. మళ్లీ ఫోన్‌లో బాగున్న చెవి వైపు తగ్గిస్తే ఒకే లోపాన్ని రెండుసార్లు సరిదిద్దినట్టవుతుంది, గొంతు ఒక పక్కకు లాగుతుంది. రెండు పక్కలా సమంగా లేదనిపిస్తే సర్దాల్సింది ఆడియాలజిస్ట్ దగ్గరే.

ఇంకో తేడా కూడా తెలుసుకోవాలి. మిషన్ కంపెనీ ఇచ్చే యాప్‌లో ఎడమ కుడి వాల్యూమ్‌లు విడిగా ఉంటాయి. వాటిని తగ్గిస్తే ఫోన్ శబ్దంతోపాటు చుట్టూ ఉన్న మనుషుల మాటలు కూడా ఆ పక్క తగ్గిపోయే వీలుంది. ఫోన్‌లోని బ్యాలెన్స్ తగ్గించేది ఫోన్ నుంచి వచ్చే శబ్దాన్ని మాత్రమే. రోడ్డు మీద బండి హారన్ అవసరమైన మనిషికి ఈ రెండోదే సురక్షితం.

ఒక పక్క తగ్గిందంటే తప్పు ఎక్కడ?

“కుడి మిషన్ పాడైంది” అని ఆటో కట్టించుకుని క్లినిక్‌కు పరుగెత్తేముందు ఇంట్లోనే ఒక చిన్న పని చేయవచ్చు. ఫోన్ పక్కన పెట్టేసి, ఎదురుగా కూర్చున్నవాళ్ల మాట ఆ చెవితో ఎలా ఉందో చూడాలి. ఎదురుగా మాట్లాడినప్పుడు కూడా ఆ పక్క తగ్గి ఉంటే తప్పు మిషన్‌లోనో చెవిలోనో ఉంది. అప్పుడు చూడాల్సినవి గుబిలి, బ్యాటరీ. చెవిలోకి వెళ్లే చివరన తెల్లటి చిన్న జల్లెడలాంటిది ఉంటుంది, దాన్ని వ్యాక్స్ గార్డ్ అంటారు. గుబిలితో అది మూసుకుపోతే మిషన్ పనిచేస్తున్నా శబ్దం బయటికి రాదు. మార్చుకునే కొత్త గార్డులు మిషన్‌తోపాటే ఇస్తారు. బ్యాటరీ వేసే మిషన్లైతే, కొత్త బ్యాటరీ మీది స్టిక్కర్ పీకాక ఒకటి రెండు నిమిషాలు గాలికి ఉంచి వేయాలి. అవి గాలి తగిలితేనే పనిచేసే జింక్ బ్యాటరీలు. ఫోన్‌తో ఎక్కువసేపు వింటే అవి తొందరగా అయిపోతాయన్నది కూడా లెక్కలో ఉంచుకోవాలి.

ఎదురుగా మాట బాగా వినిపించి, ఫోన్ శబ్దం మాత్రమే ఒక పక్క తగ్గిందంటే మిషన్‌కు ఏమీ కాలేదు. ముందు బ్యాలెన్స్ గుండీ చూడండి. సెట్టింగులు తిరగేస్తూ వేలు తగిలితే అది జరిగిపోతుంది, జరిగినట్టు ఫోన్ చెప్పదు. అది మధ్యలోనే ఉంటే ఆ పక్క మిషన్ ఫోన్ నుంచి విడిపోయిందేమో చూసి, ఆపి ఆన్ చేయండి.

పాటలు పలచగా, రేకు డబ్బాలో మోగినట్టు ఉన్నాయనే ఫిర్యాదు వేరు. చెవిలో పెట్టే సిలికాన్ టోపీకి రంధ్రాలు ఉంటే, మృదంగం లాంటి మంద్ర శబ్దం ఆ రంధ్రాల్లోంచి బయటికి జారిపోతుంది. మోనోతో, బ్యాలెన్స్‌తో అది రాదు. మూసి ఉన్న టోపీ వేయవచ్చా అని ఆడియాలజిస్ట్‌ను అడగాలి.

కాల్స్ సంగతి

ఫోన్ కాల్‌లో వచ్చేది మొదటి నుంచీ ఒకే ఛానల్. కాబట్టి మోనో పెట్టినా తీసినా కాల్‌లో తేడా ఉండదు. బ్యాలెన్స్ గుండీ కాల్స్‌కు అన్ని ఫోన్లలోనూ పనిచేయదు. “కాల్‌లో బాగానే ఉంది, పాటల్లోనే ఏదో పోతోంది” అని ఎవరైనా అంటే వాళ్లకు మోనో అవసరమని దాదాపు తేలిపోయినట్టే.

కాల్స్‌లో ఇబ్బంది వేరే చోట వస్తుంది. అవతలివాళ్ల గొంతు చెవిలోకి వస్తుంది గానీ, చాలా మిషన్లలో మన గొంతును తీసుకునేది ఫోన్ మైకే. చెవిలోనే వినిపిస్తోంది కదా అని ఫోన్‌ను చొక్కా జేబులో వేసుకుని మాట్లాడితే అవతల “వినపడట్లేదు నాన్నా” అంటారు. ఫోన్‌ను నోటికి కొద్ది దూరంలో చేత్తో పట్టుకోవాలి. మామూలు హెడ్‌సెట్‌లా కలిసే మిషన్లలో, కొత్తగా వస్తున్న కొన్నింటిలో మన గొంతును కూడా మిషన్ మైకే తీసుకుంటుంది, వాటికి ఈ అవసరం లేదు. కొనేటప్పుడు ఈ ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి.

బ్లూటూత్ లేని మిషన్ అయితే

వికలాంగులకు ఉపకరణాలు ఇచ్చే కేంద్ర పథకం ఏడీఐపీ కింద ఉచితంగా వచ్చే మిషన్లు చాలావాటిలో బ్లూటూత్ ఉండదు. అలాంటివాళ్లకు కూడా ఈ రెండు సెట్టింగులు ఉపయోగపడతాయి. చెవి వెనక పెట్టుకునే మిషన్ మీదుగా, చెవి మొత్తాన్ని కప్పే పెద్ద హెడ్‌ఫోన్ పెట్టుకోవచ్చు. మిషన్ మైకు చెవి పైభాగాన ఉంటుంది కాబట్టి హెడ్‌ఫోన్ గిన్నెను మామూలుకంటే కొంచెం పైకి జరపాలి. ఈల వేస్తే ఇంకాస్త సర్దాలి. అప్పుడు ఫోన్‌లో మోనో పెడితే బాగున్న చెవి వైపుకు పూర్తి పాట వస్తుంది. మిషన్‌లో టీ అని గుర్తున్న టెలికాయిల్ ఉంటే, మెడలో వేసుకునే లూప్ ద్వారా కూడా వినవచ్చు. టెలికాయిల్ ఉందో లేదో, ఉంటే దాన్ని ఆన్ చేసి ఇచ్చారో లేదో మిషన్ ఇచ్చినచోట అడగాలి. లోపల ఉండి కూడా ఆన్ చేయకుండా వదిలేసిన మిషన్లు ఉంటాయి.

మిషన్ కొనడానికి వెళ్లినప్పుడు రోజూ వాడే ఫోన్‌నే వెంట తీసుకెళ్లండి. డబ్బు కట్టకముందే ఆ గదిలోనే జత చేయించండి, ఒక కాల్ చేసి చూడండి, లెఫ్ట్ రైట్ వీడియో పెట్టించి మీవాళ్లను తెర చూడకుండా చెప్పమనండి. మాట ఏ చెవికి తెలుస్తోంది, ఏ చెవికి తెలియట్లేదని ఆడియాలజిస్ట్‌ను సూటిగా అడిగి, మోనో కావాలో వద్దో అక్కడే తేల్చుకోండి. రేపు ఫోన్ మార్చినప్పుడు ఈ సెట్టింగులు కొత్త ఫోన్‌లోకి వాటంతట అవి రాకపోవచ్చు. కొత్త ఫోన్ పెట్టె విప్పిన రోజే మిషన్‌ను మళ్లీ జత చేసి, మోనో ఆన్ చేసి, బ్యాలెన్స్ చూసి పెద్దవాళ్ల చేతికి ఇవ్వండి.